ఒకే జీన్స్ ప్యాంటులో రెండు రకాల కుట్లు ఎందుకు?

ఏదైనా జీన్స్ ప్యాంటును తిరగేసి, వెనక జేబు కుట్టును లోపలివైపు నుంచి చూడండి. బయట ఎలా ఉందో లోపల కూడా దాదాపు అలాగే ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి పొట్టి గీతలు, మధ్యలో సూది దిగిన రంధ్రాలు. ఇప్పుడు తొడల మధ్య నుంచి పాదాల దాకా పోయే లోపలి అతుకును చూడండి. చాలా ప్యాంట్లలో అక్కడ బయట కనిపించేది మామూలు గీతల కుట్టే అయినా, లోపలివైపు మాత్రం ఒక కొక్కెంలో ఇంకో కొక్కెం దూరినట్టు గొలుసు కనిపిస్తుంది. మొదటిది లాక్‌స్టిచ్, రెండోది చైన్ స్టిచ్. రెండింటికీ వేర్వేరు మెషిన్లు, వేర్వేరు ఆపరేటర్లు. ఒకే ప్యాంటుకు ఫ్యాక్టరీ ఇంత హంగామా చేస్తోందంటే, ఏ ఒక్క కుట్టూ అన్ని అతుకులకూ సరిపోదన్నమాట.

కుట్ల రకాలకు నంబర్లిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 4915. అందులో మామూలు లాక్‌స్టిచ్ నంబరు 301. రెండు దారాల చైన్ స్టిచ్‌ది 401. ఒకే దారంతో వేసే చైన్ స్టిచ్‌ది 101. ఫ్యాక్టరీలో చైన్ స్టిచ్ అన్నప్పుడు ఎక్కువగా 401 గురించే మాట్లాడుకుంటారు. ఈ వ్యాసంలోనూ అంతే. 101 వేరే జాతి. సంచి మూతికి వేసే కుట్టు అదే. సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం సర్రున ఊడి వస్తుంది. సంచికి కావాల్సింది కూడా అదే.

కింది దారం ఎక్కడుంటుంది?

రెండు మెషిన్లకూ అసలు తేడా కింది దారం దగ్గర మొదలవుతుంది. మిగతా తేడాలన్నీ దాని వెంట వచ్చేవే.

లాక్‌స్టిచ్ మెషిన్‌లో సూది దారాన్ని తీసుకుని గుడ్డలోంచి కిందికి దిగుతుంది. అట్టడుగుకు చేరి కాస్త పైకి లేవగానే సూది పక్కన దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో గుడ్డ కింద తిరిగే హుక్ మొన వచ్చి ఆ ఉచ్చును పట్టుకుంటుంది. పట్టుకుని, పెద్దది చేసి, కింది దారం చుట్టి ఉన్న బాబిన్‌నూ దాని కేసునూ మొత్తంగా చుట్టి దాటిస్తుంది. ఆ తర్వాత మెషిన్ ముందుభాగంలో పైకీ కిందికీ ఆడే టేకప్ లివర్ మిగిలిన దారాన్ని వెనక్కి లాగుతుంది. రెండు దారాలూ ఒకదాన్నొకటి పెనవేసుకున్న చోటు గుడ్డ మందంలోకి వెళ్లి కూర్చుంటుంది. ఇదంతా ఒక్క కుట్టుకు. నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసే మెషిన్లున్నాయి కాబట్టి ఇది కంటికి ఆనదు.

ఉచ్చు బాబిన్ మొత్తాన్నీ చుట్టి రావాలన్నది ఇందులో కీలకం. బాబిన్‌ను ఎంత పెద్దది చేస్తే సూది ప్రతి కుట్టుకూ అంత ఎక్కువ దారాన్ని కిందికి పంపి, మళ్లీ వెనక్కి లాక్కోవాలి. దారంలో ఒక చోటు గుర్తు పెట్టి గమనిస్తే, అది కుట్టులో స్థిరపడేలోపు సూది బెజ్జంలోంచి చాలాసార్లు ముందుకీ వెనక్కీ రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి దారం బలం కొంత తగ్గుతుంది కూడా. అందుకే బాబిన్ అరచేతిలో ఇమిడేంత చిన్నదిగానే ఉండిపోయింది. కింది దారం ఎప్పుడూ కొద్దిగానే దొరుకుతుంది.

చైన్ స్టిచ్ మెషిన్‌లో బాబిన్ లేదు. దాని చోట వంపు తిరిగిన లూపర్ ఉంటుంది. దాని బెజ్జంలోంచి రెండో దారం వస్తుంది. సూది దిగి కాస్త లేవగానే పక్కన వదులైన ఉచ్చులోకి లూపర్ తన దారంతో సహా దూరుతుంది. సూది పైకి వెళుతుంది, గుడ్డ ఒక కుట్టు మేర ముందుకు జరుగుతుంది. సూది మళ్లీ దిగేటప్పుడు, లూపరూ దాని దారమూ పాత సూది దారమూ కలిసి ఏర్పరిచిన చిన్న త్రికోణంలోంచి దిగుతుంది. లూపర్ వెనక్కి వెళుతూ తన దారాన్ని సూది చుట్టూ ఉచ్చుగా వదిలేస్తుంది. ఇలా సూది దారపు ఉచ్చును లూపర్ దారం పట్టుకుంటుంది, ఆ లూపర్ దారాన్ని తర్వాతి సూది ఉచ్చు పట్టుకుంటుంది. దారాలు గుడ్డ మధ్యలో పెనవేసుకోవు. కలయిక అంతా గుడ్డ కింది ముఖం మీదే జరుగుతుంది.

ఇక్కడ ఏ దారమూ దేన్నీ చుట్టి రానక్కర్లేదు. కాబట్టి కింది దారం కూడా పై దారంలాగే స్టాండు మీది పెద్ద కోన్ నుంచి నేరుగా వస్తుంది. కోన్‌లో వేల మీటర్ల దారం ఉంటుంది. పొద్దున ఎక్కించిన కోన్ సాయంత్రానికి కూడా అయిపోకపోవచ్చు.

లోపలి అతుకు లెక్క

ఇప్పుడు ఆ లోపలి అతుకుకే వద్దాం. ఒక కాలి అంచు దగ్గర మొదలై, తొడల మధ్యకు ఎక్కి, రెండో కాలి అంచు దాకా దిగుతుంది. ఒక్కో కాలికి 80 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 160 సెంటీమీటర్లు. గుడ్డ అంచులు ఒకదానిలో ఒకటి మడత పడి ఇరుక్కునేలా రెండు సూదులతో పక్కపక్కనే రెండు వరసలు వేస్తారు. కాబట్టి వెయ్యాల్సిన కుట్టు పొడవు 3.2 మీటర్లు.

దారం కంపెనీలు వాడే ఉజ్జాయింపు ప్రకారం లాక్‌స్టిచ్‌కు మీటరు కుట్టుకు సుమారు రెండున్నర మీటర్ల దారం పడుతుంది. అందులో సగం పైది, సగం కిందిది. 401 చైన్ స్టిచ్‌కు మీటరుకు సుమారు ఐదున్నర మీటర్లు, అందులో దాదాపు ముప్పావు వంతు కిందిదే. గుడ్డ మందం, కుట్టు నిడివి మారితే ఈ అంకెలూ మారతాయి, కానీ పోల్చుకోవడానికి ఇవి చాలు. మన అతుకుకు లాక్‌స్టిచ్‌లో 8 మీటర్లు అవుతుంది, చైన్ స్టిచ్‌లో 17 మీటర్లు దాటుతుంది. అంటే దారం రెట్టింపు కంటే ఎక్కువ.

దారం ఖర్చు ఒక్కటే చూస్తే ఏ ఫ్యాక్టరీ అయినా లాక్‌స్టిచ్‌నే ఎంచుకోవాలి. అలా జరగకపోవడానికి బాబినే కారణం. లాక్‌స్టిచ్‌లో ఒక్కో సూదికీ ఒక్కో బాబిన్ ఉంటుంది. ఒక్కో వరస 1.6 మీటర్లు కాబట్టి ఒక్కో బాబిన్ నుంచి ప్యాంటుకు 2 మీటర్ల దారం పోతుంది. జీన్స్‌కు వాడే లావు దారం బాబిన్‌లో 25 మీటర్లు పట్టిందనుకున్నా పన్నెండు ప్యాంట్లకే ఖాళీ. షిఫ్టులో వందల ప్యాంట్లు దాటే చోట అన్నిసార్లు మెషిన్ ఆపి రెండు బాబిన్లు మార్చాలి.

మార్చడానికి పట్టే సమయం ఒక నష్టం. నా దృష్టిలో అంతకంటే పెద్ద తలనొప్పి వేరే ఉంది. బాబిన్ ఖాళీ అయినట్టు పైనుంచి చూసే ఆపరేటర్‌కు వెంటనే తెలియదు. కాలు సగందాకా కుట్టాక కింది దారం అయిపోతే సూది ఉత్తినే రంధ్రాలు పొడుస్తూ పోతుంది. అప్పుడు ఆ ముక్కను వెనక్కి తెచ్చి, మడత మళ్లీ అదే తీరులో పట్టించి, పాత కుట్టు మీద కొత్త కుట్టు కలపాలి. జీన్స్‌లో పై కుట్టు లావు దారంతో అలంకారంగా కూడా ఉంటుంది కాబట్టి అలా అతికిన చోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది కొనుగోలుదారులు దాన్ని లోపంగానే లెక్కపెడతారు.

ఈ అతుకు కుట్టే మెషిన్ ఆకారం కూడా చైన్ స్టిచ్ వైపే లాగుతుంది. దాన్ని ఫీడ్ ఆఫ్ ది ఆర్మ్ అంటారు. మామూలు మెషిన్‌కు బల్లపరుపు పీఠం ఉంటే, దీనికి సన్నగా ముందుకు పొడుచుకు వచ్చిన చెయ్యి ఉంటుంది. ప్యాంటు కాలు ఆ చెయ్యి చుట్టూ గొట్టంలా మూసుకుంటూ, కుట్టు పడిన కొద్దీ కొస వైపు నుంచి జారిపోతుంది. అంత ఇరుకు చేతి లోపల రెండు బాబిన్లు పెట్టి, మాటిమాటికీ వాటిని బయటికి తీయడం చిక్కు పని. లూపర్లకు దారం వచ్చే దారి ఒక్కటుంటే చాలు.

సాగాల్సిన చోట

పొడవాటి అతుకుల్లో చైన్ స్టిచ్ గెలవడానికి బాబిన్ కారణం. సీటు అతుకు అంత పొడవు ఉండదు, అయినా చాలా ఫ్యాక్టరీల్లో దానికీ చైన్ స్టిచ్చే వాడతారు. నడుము వెనక నుంచి తొడల మధ్యకు వంపు తిరిగే అతుకు ఇది. ఆ వంపులో గుడ్డ కత్తిరింపు ఏటవాలుగా పడుతుంది. నేసిన గుడ్డ నిలువుగా, అడ్డంగా లాగితే పెద్దగా సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది. మనిషి కూర్చున్నా, వంగినా ఆ అతుకు పొడవునా సాగుతుంది.

లాక్‌స్టిచ్‌లో దారం పైన ఒక తిన్నని గీత, కింద ఒక తిన్నని గీత. గుడ్డ సాగితే దారం దగ్గర ఇవ్వడానికి మిగులు కొద్దిగానే ఉంటుంది. అది అయిపోగానే దారం తెగుతుంది. టెన్షన్ వదులు చేస్తే కొంత సాగుతుంది కదా అనిపిస్తుంది. కానీ వదులైన కుట్టును అడ్డంగా లాగితే రెండు ముక్కలూ విడిపోయి మధ్యలో దారాలు పళ్లలా బయటపడతాయి. చైన్ స్టిచ్‌లో కింద ఎప్పుడూ వంపు తిరిగిన ఉచ్చుల్లో అదనపు దారం దాగి ఉంటుంది. అతుకును లాగితే ఆ ఉచ్చులు కాస్త సన్నబడి పొడవవుతాయి, వదిలేస్తే సర్దుకుంటాయి. ఐదున్నర మీటర్ల దారం తినడం వల్ల దక్కేది ఇదే.

అతుకు బలానికి కూడా ఒక మోటు లెక్క ఉంది. అంగుళానికి ఎన్ని కుట్లో దాన్ని దారం బలంతో గుణించి, లాక్‌స్టిచ్ అయితే 1.5తో, 401 అయితే 1.7తో మళ్లీ గుణిస్తారు. దారమూ కుట్ల సంఖ్యా ఒకటే అయితే చైన్ స్టిచ్ అతుకు సుమారు 13 శాతం ఎక్కువ బరువు తట్టుకుంటుందన్నమాట. చైన్ స్టిచ్ అంటే ఊడిపోయే నాసిరకం కుట్టు అని చాలామంది అనుకుంటారు. అది బలహీనమైనది కాదు. దాని ఇబ్బంది కొసల దగ్గర ఉంది.

ఇంకో లాభం పల్చటి చొక్కా గుడ్డల్లో కనిపిస్తుంది. దగ్గరగా నేసిన గుడ్డలో లాక్‌స్టిచ్ తన రెండు దారాల ముడినీ నూలు పోగుల మధ్యకు తోస్తుంది. పోగులు పక్కకు జరగడానికి చోటు లేక అతుకు వెంట ముడతలు పడతాయి. ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు. చైన్ స్టిచ్‌లో గుడ్డలోంచి పోయేది సూది దారమే, కలయిక కిందే ఉంటుంది, పైగా దారం బిగింపు తక్కువ. చొక్కా పక్క అతుకులకు చాలాచోట్ల 401 వాడటానికి ఇదొక కారణం.

కొసను ఎవరు పట్టుకుంటారు?

లాక్‌స్టిచ్‌లో ఒక చోట దారం తెగితే పక్క కుట్లు వెంటనే వదలవు. ప్రతి కుట్టులోనూ రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. చైన్ స్టిచ్‌లో ప్రతి ఉచ్చునూ తర్వాతి ఉచ్చు పట్టుకుంటుంది. చివరి ఉచ్చును మాత్రం పట్టుకునేది ఏదీ లేదు. కాబట్టి కుట్టు ఎక్కడ ఆగిందో ఆ కొస నుంచి, కుట్టిన దిశకు ఎదురుగా, గొలుసు ఊడుతూ వస్తుంది. మొదలుపెట్టిన కొస నుంచి అలా ఊడదు.

లాక్‌స్టిచ్‌లో ఈ కొసను రివర్స్ లివర్ నొక్కి రెండు మూడు కుట్లు వెనక్కి వేసి భద్రం చేస్తారు. చైన్ స్టిచ్ మెషిన్లు మామూలుగా అలా వెనక్కి కుట్టవు. అందుకే ఏ అతుకుకు చైన్ స్టిచ్ వెయ్యొచ్చు అని నిర్ణయించేటప్పుడు అనుభవం ఉన్న సూపర్‌వైజర్ ముందు అడిగే ప్రశ్న ఒకటే. దీని కొస మీదుగా తర్వాత ఇంకో కుట్టు పడుతుందా?

జీన్స్ కుట్టే వరసను ఈ ప్రశ్నతో చూస్తే అసలు విషయం బోధపడుతుంది. సీటు అతుకు ముందే పూర్తవుతుంది. దాని కింది కొసను లోపలి అతుకు అడ్డంగా దాటుతుంది, పై కొస నడుము పట్టీలోకి పోతుంది. లోపలి అతుకు రెండు కొసలూ కాళ్ల అంచుల దగ్గర తేలతాయి, తర్వాత ఆ అంచులను మడిచి కుట్టేటప్పుడు మూసుకుపోతాయి. నడుము పట్టీ పొడవాటిది కాబట్టి దాన్ని కూడా చైన్ స్టిచ్‌తో వేస్తారు, కానీ దాని కొసలు ముందువైపు బొత్తాము దగ్గర గాలిలో ఉంటాయి. అందుకే అక్కడ కొసల్లో కొన్ని కుట్లు విప్పి, పట్టీ చివరను లోపలికి మడిచి, దాన్ని లాక్‌స్టిచ్ మెషిన్ మీద మూస్తారు. ఇది వేరే ఆపరేషన్, వేరే మనిషి. ఇంత పొడవు కుట్టుకు బాబిన్ బెడద తప్పించుకోవడానికి ఫ్యాక్టరీ ఆ అదనపు పనికి కూడా ఒప్పుకుంటుంది.

వెనక జేబుకు ఈ సదుపాయం లేదు. జేబు కుట్టు ఒక మూల నుంచి మొదలై, కిందికి దిగి, మలుపులు తిరిగి, అవతలి మూల దగ్గర ఆగుతుంది. ఆ కొసను దాటే అతుకు ఏదీ లేదు, కాబట్టి వెనక్కి కుట్టి కొస భద్రం చేసే అవకాశం ఉండాలి. పైగా మూల దగ్గర సూదిని గుడ్డలో దించి ఉంచి గుడ్డను తిప్పాలి. చైన్ స్టిచ్‌లో అలా తిప్పితే ఆ చిన్న త్రికోణం వంకరపోయి, సూది దాన్ని తప్పిపోతుంది. అందుకే జేబు, జిప్ మీది వంపు కుట్టు, కాలరు, కఫ్ లాంటివి లాక్‌స్టిచ్‌కే మిగిలాయి. ఇవన్నీ పొట్టి కుట్లు, బాబిన్ తొందరగా అయిపోదు, దారం కూడా ఆదా.

కాలి అంచు ఒక్కటే వాదన తెగని చోటు. కొస దాటే కుట్టు దానికి లేదు, లాజిక్ ప్రకారం లాక్‌స్టిచ్ ఉండాలి. ఎక్కువ ఫ్యాక్టరీలు అదే వేస్తాయి. అయినా పాతకాలపు జీన్స్ పద్ధతిలో దాన్ని చైన్ స్టిచ్‌తో కుట్టేవాళ్లూ, అలాగే కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు. అంచు మడతలో పై పొరా కింది పొరా సమానంగా జరగక ఉతికాక తాడులా మెలికపడుతుంది, ఎత్తుపల్లాల మీద రంగు వేర్వేరుగా వెలిసి చారలు తేలతాయి. వాళ్లకు ఆ చారలంటే మోజు. యూనియన్ స్పెషల్ కంపెనీ పాత మెషిన్ 43200జి పేరు ఈ అంచు వల్లే జీన్స్ ప్రియుల నోళ్లలో నానుతోంది. అందానికి ఒప్పుకుంటాను, కానీ అదే కొస బూటుకు తగిలి ఒక ఉచ్చు వదిలితే మొత్తం అంచు చుట్టూ ఊడొస్తుంది. అలా కుట్టేవాళ్లు ఆఖర్లో మొదటి కుట్ల మీదుగా కొంత దూరం మళ్లీ కుట్టి ఆపుతారు. అది ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసెయ్యదు.

ఒక కుట్టు తప్పితే

మెషిన్ ఎంపిక సరిగ్గా ఉన్నా చైన్ స్టిచ్‌కు లాక్‌స్టిచ్ కంటే గట్టి తనిఖీ కావాలి. లాక్‌స్టిచ్‌లో హుక్ ఒక ఉచ్చును అందుకోలేకపోతే రెండు కుట్లకు బదులు ఒక పొడుగు కుట్టు పడుతుంది. చూడ్డానికి బాగోదు, అతుకు మాత్రం నిలుస్తుంది. చైన్ స్టిచ్‌లో కుట్టు తప్పితే అక్కడ గొలుసు తెగినట్టే. ఆ చోటు కొత్త కొసలా మారి, ప్యాంటు ఉతుకులో నలిగాక ఊడటం మొదలవుతుంది.

తప్పేది ఎక్కువగా మందం మారే చోటే. లోపలి అతుకు తొడల మధ్య సీటు అతుకును దాటేటప్పుడు మడతల మీద మడతలు పడి సూది కిందకి ఎన్నో పొరలు వస్తాయి. అంత మందం ఎక్కేటప్పుడు సూది ఒక వెంట్రుక వాసి పక్కకు వంగినా చాలు, లూపర్ మొనకు ఉచ్చు అందదు, లేదా సూది త్రికోణం బయట దిగుతుంది. అక్కడ లావు సూది వాడితే వంగదు, కానీ సూది సైజు మార్చినప్పుడు లూపర్‌కూ సూదికీ మధ్య దూరం మళ్లీ సరిచూడాలి. చాలాసార్లు సూది మార్చి ఈ సంగతి మరిచిపోతారు, సమస్య తీరకపోగా లూపర్ మొన సూదికి రాసుకుని అరుగుతుంది.

ఇది పైనుంచి చూస్తే దొరకదు. పైన గీతలు సాఫీగానే ఉంటాయి, ఒక గీత కాస్త పొడుగ్గా అనిపిస్తుంది, అంతే. ప్యాంటు తిరగేసి, గొలుసు వరసను వేలితో తడుముతూ ఉచ్చులు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత మందం మారే చోట అతుకును రెండు చేతులతో పట్టుకుని, ముందు పొడవునా, తర్వాత అడ్డంగా గట్టిగా లాగాలి. తప్పిన కుట్టు ఉంటే ఆ చోట గొలుసులో ఒక ఉచ్చు వదులుగా వేలాడుతుంది లేదా పక్క కుట్టు కదులుతుంది. ఆ ఒక్క చోట మాత్రమే లాక్‌స్టిచ్‌తో పైనుంచి కుట్టేసి పంపితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అలా కుట్టాలంటే తప్పిన చోటుకు రెండువైపులా కనీసం కొన్ని మంచి ఉచ్చుల మీదుగా ఆ కుట్టు పోవాలి. లేదంటే దాని పక్క నుంచే మళ్లీ ఊడుతుంది.